పన్నెండున్నర శాతమా, పద్నాలుగు శాతమా: సంతకానికి ముందు లోన్ కాగితాల్లో చూడవలసిన మూడు చోట్లు

దేవరకొండ దగ్గరి జిల్లా పరిషత్ పాఠశాలలో పనిచేసే మా బావకు కూతురి పెళ్లి కోసం 3 లక్షల రూపాయల పర్సనల్ లోన్ అవసరమైంది. జీతం పడే బ్యాంకు 14 శాతం స్థిర వడ్డీకి ఇస్తామంది. నల్లగొండలోని ఒక ఫైనాన్స్ కంపెనీ 12.5 శాతానికే ఇస్తామంది. రెండూ మూడేళ్ల లోన్లే, రెండింటికీ 36 కిస్తీలే. బ్యాంకు కిస్తీ 10,253 రూపాయలు కాగా కంపెనీ కిస్తీ 10,036 రూపాయలు. నెలకు 217 రూపాయలు తగ్గుతున్నప్పుడు ఆలోచించేదేముందని ఆయన కంపెనీ వైపే మొగ్గాడు. నేను మాత్రం రెండు చోట్ల నుంచీ కాగితాలు తెప్పించుకుని, ఒక ఆదివారం పూట పక్కపక్కన పెట్టి చదువుదామన్నాను. ఆ చదువులో తేలిన లెక్కలే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు తీసేశాను, అంకెలు ఉంచాను.

ముందుగా ఏ కాగితం చదవాలో తెలియాలి. లోన్ అగ్రిమెంటు నలభై యాభై పేజీలు ఉంటుంది, దాన్ని మొదటి పేజీ నుంచి చదవబోయి మూడో పేజీలో వదిలేసేవారే ఎక్కువ. అంత కష్టపడనక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, 2024 అక్టోబర్ 1 తర్వాత మంజూరయ్యే ప్రతి రిటైల్ లోన్‌కూ, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్‌కూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం సంతకానికి ముందే ఇచ్చి తీరాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులోని విషయాలను వివరించి చెప్పాలి. అంటే తెలుగులో ఇవ్వమని అడగడం మన హక్కు. అందులో రాయని ఏ ఫీజునూ మన స్పష్టమైన అంగీకారం లేకుండా లోన్ కాలంలో ఎప్పుడూ వసూలు చేయకూడదు. పైగా ఆ కాగితం ఇచ్చిన తర్వాత కనీసం మూడు పని దినాలు ఆ షరతులు చెల్లుబాటులో ఉండాలి. ‘ఈ రేటు ఇయ్యాల్టి వరకే సార్, రేపు ఉండదు’ అనే మాట వినబడితే ఈ మూడు రోజుల నియమం గుర్తు చేయవచ్చు.

ఆ కాగితంలో వరుస సంఖ్యలు వేసి ఉంటాయి. మనకు కావలసినవి ప్రధానంగా 8, 9, 10. ఎనిమిదో వరుసలో ఫీజులు రెండు భాగాలుగా ఉంటాయి: ఒకటి అప్పు ఇచ్చే సంస్థ తన కోసం తీసుకునేది, రెండోది బీమా కంపెనీ వంటి మూడో పక్షం కోసం వసూలు చేసేది. తొమ్మిదోది ఏపీఆర్, అంటే ఫీజులన్నీ కలుపుకుంటే ఏడాదికి నిజంగా పడే శాతం. పదోది ఏదైనా జరిగితేనే పడే ఛార్జీలు: కిస్తీ ఆలస్యమైతే ఎంత, ముందే తీర్చేస్తే ఎంత అన్నవి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పదో వరుసలోని ఛార్జీలు తొమ్మిదో వరుసలోని ఏపీఆర్‌లో కలవవు. కనుక ఏపీఆర్ ఒక్కటే చూసి రెండు లోన్లను పోల్చేవారికి, అప్పు ముందే తీర్చే ఉద్దేశం ఉంటే, సగం లెక్కే కనబడుతుంది.

చేతికి వచ్చేది ఎంత

బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజు 1 శాతం. అంటే 3,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 540, మొత్తం 3,540. బీమా లేదు. చేతికి వచ్చేది 2,96,460 రూపాయలు.

కంపెనీ ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం. అంటే 9,000, జీఎస్టీతో 10,620. ఎనిమిదో వరుస రెండో భాగంలో, ఇరుకైన గడిలో, బీమా ప్రీమియం 9,380 అని ఉంది. రెండూ కలిపి సరిగ్గా 20,000 రూపాయలు. చేతికి 2,80,000 వస్తాయి, వడ్డీ మాత్రం 3,00,000 మీద పడుతుంది. బావ ఆ గడి దగ్గర వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆయనతో ఫోన్లో మాట్లాడిన ఏజెంటు ఫీజు సంగతి చెప్పాడు కానీ బీమా ఊసే ఎత్తలేదు.

ఇప్పుడు పూర్తి కాలం లెక్క చూద్దాం. కంపెనీకి 36 కిస్తీల్లో 3,61,296 కట్టాలి, చేతికి వచ్చింది 2,80,000, కనుక అప్పు ఖర్చు 81,296. బ్యాంకుకు 3,69,108 కట్టాలి, చేతికి వచ్చింది 2,96,460, ఖర్చు 72,648. తక్కువ వడ్డీ అన్న లోన్ 8,648 రూపాయలు ఎక్కువ తింటోంది. నెలకు 217 చొప్పున మూడేళ్లలో మిగిలేది 7,812 రూపాయలే, మొదటి రోజే అదనంగా పోయేది 16,460. ఈ రెండు అంకెలు పోల్చితే చాలు, ఏపీఆర్ లెక్క రానివారికి కూడా విషయం తెలిసిపోతుంది.

ఏపీఆర్ చూడగలిగితే ఇంకా స్పష్టం: బ్యాంకుది సుమారు 14.8 శాతం, కంపెనీది సుమారు 17.4 శాతం. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకునే అలవాటు కనుక ఆ భాషలోకి మార్చుకుంటే, కంపెనీ వారు ‘రూపాయి వడ్డీ’ అన్నట్టు చెప్పినది నిజానికి రూపాయిన్నరకు కొద్దిగా తక్కువ, బ్యాంకుది రూపాయీ పావలా. కాగితంలో రాసిన ఏపీఆర్ సరైనదో కాదో సరిచూసుకోవాలంటే, ఫోన్‌లోని ఏ స్ప్రెడ్‌షీట్ యాప్‌లోనైనా ఈ ఒక్క వరుస టైప్ చేస్తే వచ్చేస్తుంది. మొదటిది కిస్తీల సంఖ్య, రెండోది కిస్తీ, మూడోది కోతలన్నీ పోగా చేతికి వచ్చే మొత్తం.

```
=RATE(36,-10036,280000)*12
```

జవాబు 0.174 అని కనబడితే దాన్ని 17.4 శాతంగా చదువుకోవాలి. మనకు వచ్చిన అంకె కాగితంలోని ఏపీఆర్ కంటే బాగా ఎక్కువ ఉంటే, ఏదో ఒక కోత ఎనిమిదో వరుసలోకి ఎక్కలేదని అర్థం. సాధారణంగా అది బీమాయే. కాగితంలో ఆ గడి ఖాళీగా ఉంచి, లోన్ పడ్డ రోజే ఖాతా నుంచి ప్రీమియం విడిగా లాగేసుకునే పద్ధతి ఒకటి. అడిగిన 3,00,000 బదులు 3,09,380 మంజూరు చేసి, ‘మీ చేతి నుంచి ఏమీ పోవడం లేదు కదా’ అనే పద్ధతి ఇంకొకటి. రెండో పద్ధతిలో ప్రీమియం మీద కూడా మూడేళ్లు వడ్డీ కడతాం. అందుకే సాంక్షన్ లెటర్‌లోని మొత్తం మనం అడిగిన మొత్తమేనా అన్నది మొదట చూడాలి. మూడో పక్షానికని వసూలు చేసే ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వాలన్నది కూడా ఆ 2024 ఆదేశంలోనే ఉంది.

ముందే తీర్చేస్తే

బావకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. జూన్‌లో తీసుకునే ఈ లోన్‌ను వచ్చే ఏడాది సీజన్ కాయ అమ్మగానే, అంటే సెప్టెంబరులో పదిహేనో కిస్తీ కట్టాక, ఒక్కసారే తీర్చేయాలని ఆయన ఆలోచన. నల్లగొండ జిల్లాలో తోటలున్న ఉద్యోగులు, పాలమూరు వైపు పత్తి రైతులు, వడ్లు అమ్మిన డబ్బుతో అప్పు కట్టుకునేవారు చాలామంది ఇలాగే లెక్క వేసుకుంటారు. వీరికి పదో వరుసే అసలు వరుస.

ఇక్కడ స్థిర వడ్డీకీ, మారే వడ్డీకీ తేడా తెలియాలి. మారే వడ్డీ మీద వ్యాపారేతర అవసరాలకు వ్యక్తులు తీసుకున్న లోన్లకు, ఉదాహరణకు సాధారణ ఇంటి లోన్‌కు, ముందే తీర్చినందుకు ఛార్జీ వేయకూడదు. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే లేదా రెన్యువల్ అయ్యే లోన్లకు వర్తించే రిజర్వ్ బ్యాంకు నిబంధనలు దీన్ని ఇంకా గట్టిపరిచాయి: డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టినా, ఎంత తొందరగా కట్టినా సరే, ఆ ఛార్జీ ఉండకూడదు. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఇచ్చే మైక్రోఫైనాన్స్ లోన్ల మీద కూడా ముందస్తు చెల్లింపు జరిమానా లేదు. గ్రూపు లోన్ కట్టే మన ఊళ్ల ఆడవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

పర్సనల్ లోన్లు మాత్రం ఎక్కువగా స్థిర వడ్డీవే. వాటికి సంస్థ తన విధానం ప్రకారం ఛార్జీ వేసుకోవచ్చు, కానీ దాన్ని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ముందే చెప్పి ఉండాలి. కొత్త నిబంధనల ప్రకారం టర్మ్ లోన్‌లో ఆ ఛార్జీని మనం ముందుగా కడుతున్న మొత్తం మీదే లెక్కించాలి, మొదట మంజూరైన మొత్తం మీద కాదు. అగ్రిమెంటులో ‘మంజూరైన మొత్తంపై’ అన్న మాట కనబడితే అక్కడ ఆగి అడగవలసిందే. మరో రెండు విషయాలు కూడా ఈ చోటే ఉంటాయి. ఎన్ని కిస్తీలు కట్టేదాకా ముందస్తు చెల్లింపు అసలు ఒప్పుకోరో ఒకటి, కొంత భాగం మాత్రమే కట్టాలంటే ఏడాదికి ఎన్నిసార్లు, ఎంత వరకు ఒప్పుకుంటారో రెండోది.

బ్యాంకు షరతు: పన్నెండు కిస్తీల తర్వాత ఎప్పుడైనా తీర్చవచ్చు, మిగిలిన అసలుపై 2 శాతం. పదిహేనో కిస్తీ తర్వాత మిగిలే అసలు 1,90,000కు పది రూపాయలు అటూ ఇటుగా ఉంటుంది. ఛార్జీ 3,800, జీఎస్టీతో 4,484. కంపెనీ షరతు: పన్నెండు కిస్తీల తర్వాత 5 శాతం. అక్కడ మిగిలే అసలు సుమారు 1,88,420, ఛార్జీ జీఎస్టీతో కలిపి సుమారు 11,116. అన్నీ కలిపి చూస్తే, పదిహేను నెలలకు బ్యాంకు లోన్ ఖర్చు దాదాపు 51,800, కంపెనీ లోన్ ఖర్చు దాదాపు 70,100. తేడా 18,300 రూపాయలు. మూడేళ్లూ ఉంచుకుంటే 8,648గా ఉన్న తేడా, సగం కాకముందే తీర్చేస్తే రెట్టింపు దాటింది. కారణం సులభమే: మొదటి రోజు తీసుకున్న 20,000 మూడేళ్లకు బదులు పదిహేను నెలల మీదే పడుతుంది, దాని మీద పెద్ద ఛార్జీ వచ్చి చేరుతుంది. అప్పు త్వరగా తీర్చేవారికి వడ్డీ శాతం కంటే మొదటి రోజు కోతా, చివరి రోజు ఛార్జీయే బరువైనవి.

బీమా: తీసేస్తే ఏమవుతుంది

బీమా చెడ్డదని నేను అనడం లేదు. ఇంటి పెద్ద పోతే అప్పు కుటుంబం మీద పడకుండా చూసే బీమా మంచిదే. ప్రశ్న వేరు: ఎవరి దగ్గర, ఎంతకు, ఏ షరతులతో?

వాహనానికి థర్డ్ పార్టీ బీమా చట్టప్రకారం తప్పనిసరి, తాకట్టు ఇంటికి అగ్నిప్రమాద బీమా అడగడంలోనూ న్యాయం ఉంది. కానీ పర్సనల్ లోన్‌కు ప్రాణ బీమా తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. కంపెనీ పెట్టిన పాలసీలో రక్షణ మొత్తం మిగిలిన అసలుతో పాటే తగ్గుతూ పోతుంది, మొదట 3 లక్షలు, పదిహేను నెలలకు దాదాపు 1,88,000. దానికి 9,380 రూపాయలు. బావకు 46 ఏళ్లు. జీతం ఖాతా ఉన్న బ్యాంకులోనే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా యోజనలో చేరితే ఏడాదికి 436 రూపాయలకు 2 లక్షల రక్షణ వస్తుంది, ఆ రక్షణ తగ్గదు, పరిహారం నామినీ చేతికి వస్తుంది. మూడేళ్లకు 1,308 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల లోపు వారు ఇందులో చేరవచ్చు. కొత్తగా చేరినవారికి మొదటి 30 రోజుల్లో ప్రమాద మరణానికి తప్ప పరిహారం రాదన్నది గుర్తుంచుకోవాలి. ఆయన ఖాతా తెరిచి చూస్తే మే నెలాఖరులో 436 ఇప్పటికే కోత పడి ఉంది. తాను చేరిన సంగతే ఆయనకు గుర్తు లేదు!

ఈ కాగితాల్లో నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టినది ప్రీమియం కాదు, దానితో పాటు ఉన్న ఆరోగ్య ప్రకటన. బీపీ, షుగర్ ఉన్నాయా అన్న ప్రశ్నలన్నిటికీ ‘లేదు’ అని ముందే టిక్ పెట్టి ఉంది. బావ మూడేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. ట్యాబ్ మీద ఓటీపీ చెప్పగానే ఆ ప్రకటనకు కూడా ఆయన సంతకం పడ్డట్టే. రేపు క్లెయిము వస్తే, నిజం దాచారని తిరస్కరించడానికి ఆ టిక్కే ఆధారమవుతుంది. అంటే 9,380 కట్టి కూడా రక్షణ లేనట్టే. కనుక బీమా తీసుకోవాలని నిశ్చయించుకున్నవారు సైతం ఆ ఫారాన్ని తమ చేత్తో నింపాలి, నామినీ పేరు ఉందో లేదో చూడాలి, లోన్ ముందే తీరిపోతే మిగిలిన కాలపు ప్రీమియంలో ఎంత తిరిగి వస్తుందో రాతపూర్వకంగా అడగాలి.

ఇప్పటికే సంతకం చేసినవారికి ఒక దారి ఉంది. పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోపు ఫ్రీ లుక్ కింద పాలసీ వద్దని రాసి ఇవ్వవచ్చు. అప్పటిదాకా రక్షణ ఇచ్చిన రోజుల ప్రీమియం, స్టాంపు, వైద్య పరీక్షల ఖర్చు మినహాయించుకుని మిగతాది వెనక్కి ఇస్తారు. పాలసీ కాగితం చేతికి రాకపోతే ఈ గడువు ఎప్పుడు మొదలైందో చెప్పడమే కష్టం, కనుక లోన్ పడ్డ వారంలోనే దాన్ని అడిగి తెప్పించుకోవాలి.

మేము ఇంకో లెక్క కూడా వేశాం. అదే కంపెనీ, అదే 12.5 శాతం, బీమా మాత్రం తీసేస్తే? చేతికి 2,89,380 వస్తాయి, మూడేళ్ల ఖర్చు 71,916, అంటే బ్యాంకు లోన్‌కు దాదాపు సమానం, ఏడు వందలు తక్కువ కూడా. మూడేళ్లూ కిస్తీలు కడుతూ పోయేవారికి, నెలవారీ భారం తక్కువ కావాలనుకునేవారికి, చేతికి ఏడు వేలు తక్కువ వచ్చినా ఫరవాలేదనుకునేవారికి అది సరైన ఎంపికే అవుతుంది. మధ్యలో తీర్చేయాలనుకునేవారికి మాత్రం 5 శాతం ఛార్జీ వల్ల బ్యాంకే నయం, అప్పటికీ పదిహేను నెలలకు దాదాపు 9,000 తేడా ఉంటుంది.

సోమవారం ఏజెంటుకు ఫోన్ చేశాం. ‘బీమా తీసేస్తే సిస్టంల ఫైలు ముందుకు పోదు సార్, అందరికీ ఇట్లనే’ అన్నాడు. సరే, ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపమన్నాం. మర్నాడు వచ్చిన ఈమెయిల్‌లో ఆ మాట లేదు. బీమా లేకుండా ఇవ్వగలమని, కానీ వడ్డీ 13.5 శాతం అవుతుందని ఉంది, కొత్త కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ జత చేసి ఉంది. కిస్తీ 10,181. మూడేళ్ల ఖర్చు 77,136, బ్యాంకు కంటే నాలుగున్నర వేలు ఎక్కువ. బీమా వద్దంటే వడ్డీ పెంచడం చాలాచోట్ల జరిగేదే, అప్పుడు గొడవ పడటం కంటే కొత్త అంకెలతో మళ్లీ లెక్క వేసుకోవడం మేలు. ఒకవేళ చెప్పకుండా ప్రీమియం కోసేసి, అడిగితే పట్టించుకోకపోతే మాత్రం ముందు ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఆయన ఫోన్ నంబరు, ఈమెయిల్ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ రెండో భాగంలోనే ఉంటాయి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, దానికి రుసుము లేదు.

బావ బ్యాంకు లోన్‌కే సంతకం చేశాడు. చేసే ముందు మేనేజరును ఒక్కటి అడిగాడు: ముందస్తు చెల్లింపు ఛార్జీ మిగిలిన అసలుపైనే అన్న మాట అగ్రిమెంటులో ఏ పేజీలో ఉందో చూపించమని. పదకొండో పేజీ, చిన్న అక్షరాలు. ఆ పేజీని అక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు, వచ్చే ఏడాది సెప్టెంబరులో కాయ అమ్మిన రోజు పనికొస్తుందని.